లెక్చర్ నోట్స్ వైవా షీట్ అయిన తీరు: ట్రాన్స్‌ఫార్మర్ ల్యాబ్‌లో ఒక కేసు

హనుమకొండలో ఒక ఇంజినీరింగ్ కాలేజీలో ఎలక్ట్రికల్ మెషీన్స్ ల్యాబ్ నా బాధ్యత. వైవాకు ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ రావడానికి వారం ముందు మా పిల్లల చేతుల్లో ఒకటే జిరాక్స్ తిరుగుతుంటుంది. వందకు పైగా ప్రశ్నలు, ఒక్కోదానికి అర లైను జవాబు. ఎవరు రాశారో ఎవరికీ తెలియదు. దాన్ని బట్టీ పట్టినవాళ్లు మొదటి ప్రశ్నకు టకీమని చెప్తారు, "ఎందుకు?" అనగానే నోరు తెరవరు. ఈ సెమిస్టర్ ఒక అమ్మాయి చేత ఆ జిరాక్స్ పక్కన పెట్టించి, ఆమె క్లాసులో రాసుకున్న నోట్స్‌నే వైవా షీట్‌గా తిరగరాయించాను. ఒక్క ప్రయోగం వరకే: సింగిల్ ఫేజ్ ట్రాన్స్‌ఫార్మర్ మీద ఓపెన్ సర్క్యూట్, షార్ట్ సర్క్యూట్ టెస్టులు. మొదటిది రెండో వైపు తెరిచి ఉంచి కోర్‌లో పోయే ఐరన్ నష్టం కొలవడానికి, రెండోది రెండో వైపు షార్ట్ చేసి వైండింగుల్లో పోయే కాపర్ నష్టం కొలవడానికి. ఆ పని ఎలా సాగిందో రాస్తున్నాను.

అమ్మాయిది పరకాల వైపు పల్లె. పది దాకా తెలుగు మీడియం. థియరీలో మంచి మార్కులే వస్తాయి, అక్షరం ముత్యాల్లా ఉంటుంది. ఇంటర్నల్ వైవాలో మాత్రం సగం మాటల్లో ఆగిపోతుంది. "తెలుసు సార్, కానీ యాదికి రాదు" అంటుంది. నోట్స్ తెప్పించి చూశాను. ట్రాన్స్‌ఫార్మర్ మీద పది పన్నెండు పేజీలున్నాయి. నిర్మాణం, పనిచేసే సూత్రం, ఈఎంఎఫ్ సమీకరణం, ఫేజర్ డయాగ్రమ్, ఈక్వివలెంట్ సర్క్యూట్, నష్టాలు, రెండు టెస్టులు, రెగ్యులేషన్, ఎఫిషియెన్సీ. తప్పులు దాదాపు లేవు. చిక్కంతా వరసలో ఉంది. నోట్స్ నిర్మాణంతో మొదలై ఎఫిషియెన్సీతో ముగుస్తాయి. ఎక్స్‌టర్నల్ అలా రాడు. ముందు రికార్డు తెరుస్తాడు, టేబుల్‌లో ఒక అంకె మీద వేలు పెడతాడు, తర్వాత బెంచి మీదున్న మీటర్లకేసి చూస్తాడు, ఆ తర్వాతే థియరీ. పన్నెండో పేజీలో ఉన్న సంగతి మొదటి ప్రశ్నగా వస్తుంది. నోట్స్‌ను మొదటి పేజీ నుంచి గుర్తు తెచ్చుకోవడం అలవాటైన పిల్ల అక్కడే తడబడుతుంది.

అందుకని మొదటి పనిగా నోట్స్‌లో వాక్యాలకు గుర్తులు పెట్టించాను. ఎంపిక చెప్పే వాక్యానికి ఒక గుర్తు: ఈ టెస్ట్ ఏ వైపు చేస్తాం, ఏ వాట్‌మీటర్ వాడతాం. అంకె ఉన్న వాక్యానికి ఇంకో గుర్తు. "దాదాపు", "వదిలేయవచ్చు" లాంటి మాటలున్న వాక్యానికి మూడోది. ఎగ్జామినర్ గుచ్చేది ఎక్కువగా ఈ మూడు రకాలనే. గుర్తు పడని పేజీలు కొన్ని మిగిలాయి, అవి డెరివేషన్లు. నోటితో డెరివేషన్ ఎవరూ అడగరు. ఈఎంఎఫ్ సమీకరణానికి రెండు పేజీల డెరివేషన్ ఉంటే షీట్‌లోకి వచ్చింది సమీకరణం, `E = 4.44 f N Φm`, దాని పక్కన ఒక్క తిరుగు ప్రశ్న: ఆ 4.44 ఎక్కడిది? సగటు ఈఎంఎఫ్‌లో 4 వస్తుంది, సైన్ వేవ్ ఫామ్ ఫ్యాక్టర్ 1.11, రెండూ గుణిస్తే 4.44. అంతకు మించి అక్కర్లేదు.

రెండో పని, ఆమె రికార్డును నోట్స్ పక్కన పెట్టుకోవడం. షీట్‌లో ప్రతి జవాబుకూ ఆమె సొంత రీడింగ్ ఆధారం కావాలని పట్టుబట్టాను. మా ట్రాన్స్‌ఫార్మర్ 2 కేవీఏ, 230/115 వోల్టులది. ఓపెన్ సర్క్యూట్ టెస్ట్‌లో ఆమెకు వచ్చినవి 115 వోల్టులు, 1 ఆంపియర్, 30 వాట్లు. షార్ట్ సర్క్యూట్‌లో 12 వోల్టులు, 8.7 ఆంపియర్లు, 80 వాట్లు. ఇక్కడే మొదటి గండం బయటపడింది. టేబుల్‌లో ఓపెన్ సర్క్యూట్ వాట్‌మీటర్ గడిలో 15 అని ఉంది, కింద లెక్కలో 30 వాడింది. వాట్‌మీటర్ రేంజి 150 వోల్టులు, 5 ఆంపియర్లు, పవర్ ఫ్యాక్టర్ 0.2. స్కేలు మీద 75 విభాగాలు. 150ని 5తో, 0.2తో గుణించి 75తో భాగిస్తే 2. సూది 15 దగ్గర నిలిచింది కాబట్టి 30 వాట్లు. ఆమె గుణించింది, కానీ టేబుల్‌లో ఆ 2 ఎక్కడా రాయలేదు. "ఇక్కడ 15, అక్కడ 30 ఏంటమ్మా?" అని ఎక్స్‌టర్నల్ అడగకుండా ఉండడు. అడగబోయే మొదటి ప్రశ్న అదే అని షీట్‌లో పైన రాయించాను, రికార్డులో గడి కూడా సరిచేయించాను. నోట్స్ ఎన్నిసార్లు చదివినా ఇది దొరికేది కాదు. తన అంకెలతో జవాబు రాయబోతేనే దొరికింది.

ఇక అసలు మలుపు ఓపెన్ సర్క్యూట్ టెస్ట్ ఏ వైపు చేస్తామన్న ప్రశ్న దగ్గర వచ్చింది. ఆమె నోట్స్‌లోనూ, ఆ జిరాక్స్‌లోనూ జవాబు ఒకటే: ఎల్‌వీ, అంటే తక్కువ వోల్టేజ్ వైపు చేస్తాం, ఎందుకంటే హెచ్‌వీ వైపు ఎక్కువ వోల్టేజ్ ఇవ్వడం ప్రమాదం, దొరకడం కూడా కష్టం. పుస్తకం ప్రకారం సరైనదే. నేను ఎగ్జామినర్‌గా కూర్చుని అడిగాను.

"మన హెచ్‌వీ ఎన్ని వోల్టులు బిడ్డా?"

"230 సార్."

"మరి అది గోడ సాకెట్‌లోనే ఉంది కదా. ఇంక కష్టమెక్కడిది?"

చాలాసేపు రికార్డు వైపే చూసింది. తర్వాత నెమ్మదిగా, "అయితే ఏ వైపైనా చేయొచ్చా సార్?" అంది.

చేయొచ్చు. 230 వోల్టుల వైపు చేస్తే కరెంట్ సుమారు అర ఆంపియర్ వస్తుంది, వాట్‌మీటర్ మళ్లీ 30 వాట్లే చూపిస్తుంది, ఎందుకంటే కోర్‌లో ఫ్లక్స్ అదే, ఐరన్ నష్టం అదే. మా బెంచి మీద ఎల్‌వీ ఎంచుకోవడానికి బలమైన కారణం వేరే ఉంది. నో లోడ్ కరెంట్ ముందే చిన్నది, ఎల్‌వీ వైపు అది రెండింతలై 1 ఆంపియర్‌గా కనిపిస్తుంది, అమ్మీటర్ మీద చదవడం తేలిక. పుస్తకంలో ఉన్న "ఎక్కువ వోల్టేజ్ ప్రమాదం" అనే కారణం పెద్ద ట్రాన్స్‌ఫార్మర్లది. మన వీధి మూల డిస్ట్రిబ్యూషన్ ట్రాన్స్‌ఫార్మర్ 11 కేవీ/433 వోల్టులది. దానికి టెస్ట్ చేయాలంటే 11,000 వోల్టులు మీటర్లకు కలపడం ఎంత పని! 433 వోల్టుల వైపు అయితే సులువు. కాబట్టి మోడల్ జవాబు ఈ రెండూ కలిపి ఇలా తయారైంది:

"ఎల్‌వీ వైపు చేశాం సార్. అక్కడ నో లోడ్ కరెంట్ ఎక్కువ కాబట్టి చదవడం సులువు, మాకు 1 ఆంపియర్ వచ్చింది. 11 కేవీ ట్రాన్స్‌ఫార్మర్‌కైతే హెచ్‌వీ వైపు అంత వోల్టేజ్ ఇవ్వడం కూడా కష్టం."

దాని పక్కన తిరుగు ప్రశ్న: "హెచ్‌వీ వైపు చేస్తే వాట్లు మారతాయా?" నోటితో చెప్పాల్సిన జవాబు: "మారవు, 30 వాట్లే. కరెంట్ సగమవుతుంది." షీట్ మొత్తంలో బట్టీ పట్టిన పిల్లను, అర్థమైన పిల్లను విడదీసే ప్రశ్న ఇదేనని నా అభిప్రాయం. షార్ట్ సర్క్యూట్‌కు కూడా దీని జోడీ ఉంది. అది హెచ్‌వీ వైపు చేస్తాం, ఎందుకంటే అక్కడ రేటెడ్ కరెంట్ 8.7 ఆంపియర్లే. ఎల్‌వీ వైపు చేస్తే 17.4 ఆంపియర్లు నడపాలి, దానికిచ్చే వోల్టేజ్ 6 చుట్టుపక్కల మాత్రమే ఉంటుంది, మీటర్లు కుదరవు. వాట్లు అక్కడా 80 చుట్టూనే.

జవాబు ఎంత పొడవుండాలన్న దాని మీద మాకు కొంత వాదన నడిచింది. ఆమె మొదట రాసినవి ఒక్కోటి అరపేజీ. ఒక్క ఊపిరిలో చెప్పగలిగినంతే ఉండాలన్నాను, అంటే పదిహేను ఇరవై సెకన్లు. మొదటి వాక్యంలో అడిగినదానికి సూటి జవాబు, రెండో వాక్యంలో కారణం, వీలైతే తన అంకె. మూడో వాక్యం ఉంటే అది తిరుగు ప్రశ్నకు దాచుకోవాలి. ఎగ్జామినర్‌కు అడగడానికేమీ మిగల్చకుండా అంతా ముందే కక్కేస్తే, ఆయన ఇంకో మూలకు వెళ్తాడు, అక్కడ మనకు ఏమీ తెలియకపోవచ్చు. కారణం వాక్యం దగ్గర ఆగితే "ఎందుకు" అని అడిగేది మనకు తెలిసిన చోటే. ఇది కొంచెం గడుసుతనమే, కానీ వైవాలో తప్పు కాదు.

భాష సంగతి కూడా చెప్పాలి. నోట్స్ ఇంగ్లిష్‌లో ఉన్నాయి. షీట్‌ను కూడా పూర్తిగా ఇంగ్లిష్‌లోనే రాస్తానంది. మొదటి వాక్యం మాత్రం ఇంగ్లిష్‌లో రాయించి, కారణం తను ఆలోచించే భాషలో రాసుకోమన్నాను. చాలామంది ఎక్స్‌టర్నల్స్ ఇక్కడివాళ్లే, మొదటి మాట ఇంగ్లిష్‌లో వస్తే తర్వాత తెలుగు కలిసినా పట్టించుకోరు. ఇంగ్లిష్‌లోనే చెప్పమనే ఆయన వస్తే కారణం వాక్యాన్ని అప్పటికప్పుడు మార్చుకోవచ్చు. అర్థం కాని ఇంగ్లిష్ వాక్యాన్ని మాత్రం ఎవరూ అప్పటికప్పుడు సాగదీయలేరు.

మూడో గుర్తు వాక్యాల దగ్గర జిరాక్స్ పిల్లలను ఎలా ముంచుతుందో కూడా కనిపించింది. అందులో "షార్ట్ సర్క్యూట్ టెస్ట్‌లో కోర్ లాస్ సున్నా" అని ఉంది. ఆమె నోట్స్‌లో "వదిలేయవచ్చు" అని సరిగ్గానే ఉంది, కానీ జిరాక్స్ చూసి కొట్టేసి సున్నా అని రాసుకుంది. సున్నా కాదు. ఇచ్చింది 12 వోల్టులు, అది 230లో అయిదు శాతం పైచిలుకు. కోర్ నష్టం సుమారుగా వోల్టేజ్ వర్గాన్ని బట్టి పోతుంది. అయిదు శాతానికి వర్గం అంటే నాలుగు వందల్లో ఒక వంతు. 30 వాట్లలో అంత భాగం తీస్తే 0.1 వాట్ కూడా రాదు. 80 వాట్ల పక్కన అది కనిపించదు కాబట్టి వాట్‌మీటర్ చూపినదంతా కాపర్ నష్టమే అంటాం. ఇదంతా వైవాలో చెప్పనక్కర్లేదు. "సున్నా కాదు సార్, వోల్టేజ్ 12 మాత్రమే కాబట్టి చాలా తక్కువ" అంటే చాలు, మిగతా లెక్క "ఎంత తక్కువ?" అన్నప్పుడు. ఓపెన్ సర్క్యూట్‌లో కాపర్ నష్టాన్ని వదిలేయడానికి కూడా ఇదే తీరు లెక్క: రేటెడ్ 17.4 ఆంపియర్లుంటే ప్రవహించింది 1 ఆంపియర్, నష్టం 0.3 వాట్‌కు కూడా చేరదు.

బెంచి మీద అడిగే ప్రశ్నలు నోట్స్‌లో అసలు ఉండవు, వాటిని ల్యాబ్‌లోకి వెళ్లి ఒక్కో వస్తువు ముందు నిలబడి రాయించాను. వోల్టేజ్ పెంచి తగ్గించే డిమ్మర్‌స్టాట్ ముందు నిలబడితే వచ్చే ప్రశ్న: స్విచ్ వేసే ముందు ఇది సున్నా మీద ఎందుకుండాలి? ఆమె జవాబు, "సేఫ్టీ సార్". అలాంటి జవాబుకు మార్కు రాదు. ఆమె రికార్డు నుంచే లెక్క కట్టించాను. 12 వోల్టులకు 8.7 ఆంపియర్లు అంటే ఇంపీడెన్స్ సుమారు 1.38 ఓమ్‌లు. ఎల్‌వీ షార్ట్ చేసి ఉన్నప్పుడు డిమ్మర్ పూర్తిగా తిరిగి ఉండి 230 వోల్టులు ఒక్కసారి పడితే 167 ఆంపియర్లు, రేటెడ్ కరెంట్‌కు దాదాపు పంతొమ్మిది రెట్లు. ఫ్యూజు పోతుంది, ఫ్యూజు సరిగా లేకపోతే అమ్మీటర్, వాట్‌మీటర్ కరెంట్ కాయిల్ పోతాయి. "సేఫ్టీ" అన్న మాట తీసేసి "167 ఆంపియర్లు" అని రాసుకుంది. వాట్‌మీటర్ ముందు నిలబడితే: ఓపెన్ సర్క్యూట్‌కు ఎల్‌పీఎఫ్, అంటే తక్కువ పవర్ ఫ్యాక్టర్ వాట్‌మీటర్, షార్ట్ సర్క్యూట్‌కు యూపీఎఫ్, అంటే యూనిటీ పవర్ ఫ్యాక్టర్ వాట్‌మీటర్ ఎందుకు? 30ని 115తో భాగిస్తే పవర్ ఫ్యాక్టర్ 0.26, మామూలు వాట్‌మీటర్‌లో సూది కదిలీ కదలనట్టుంటుంది. షార్ట్ సర్క్యూట్‌లో 12, 8.7ల లబ్ధంతో 80ని భాగిస్తే 0.77 దగ్గర.

నేమ్‌ప్లేట్ మీద ప్రశ్న అందరికీ తెలిసిందే, కేవీఏలో ఎందుకు రాస్తారు, కేడబ్ల్యూలో ఎందుకు కాదు. కాపర్ నష్టం కరెంట్‌ను బట్టి, ఐరన్ నష్టం వోల్టేజ్‌ను బట్టి, లోడ్ పవర్ ఫ్యాక్టర్‌తో రెండింటికీ పని లేదు. దీని మీద ఎక్కువసేపు కూర్చోలేదు. ఎఫిషియెన్సీకి కూడా రెండు లైన్లే: పూర్తి లోడ్, యూనిటీ పవర్ ఫ్యాక్టర్ దగ్గర 2000ను 2110తో భాగిస్తే 94.8 శాతం, గరిష్ఠ ఎఫిషియెన్సీ రెండు నష్టాలు సమానమైన చోట, అంటే 30ని 80తో భాగించి వర్గమూలం తీస్తే 0.61, పూర్తి లోడ్‌లో అరవై ఒక్క శాతం దగ్గర.

షీట్ రెండు వైపులా కలిపి ఒక ఏ4 కాగితం. ఎడమ వైపు ప్రశ్న, మధ్యలో జవాబు, కుడి వైపు తిరుగు ప్రశ్న మాత్రమే, దాని జవాబు ఉండదు. తిరుగు ప్రశ్నకు జవాబు కూడా రాస్తే అదీ బట్టీ అయిపోతుంది. అది ఖాళీగా ఉంటే చూసినప్పుడల్లా నోటితో చెప్పాల్సి వస్తుంది. ఆమె ఖాళీ చూసి తట్టుకోలేక పెన్సిల్‌తో నింపేసింది, నేను చెరిపించాను.

పరీక్షించడం ఆమె స్నేహితురాలి పని. వరస మార్చి అడగాలి, జవాబు మధ్యలో ఆపాలి, అంకె మార్చాలి. "మీ ట్రాన్స్‌ఫార్మర్ 230/115 కాదు, 230/230 అనుకో, అప్పుడు ఓపెన్ సర్క్యూట్ ఏ వైపు?" అలాంటివి. ఏ వైపైనా ఒకటే అని రావాలి. ఇందులో ఆగిన చోట్లకు షీట్‌లో చుక్క పెట్టారు. చుక్కలు పడ్డవాటిలో ఎక్కువ ఫేజర్ డయాగ్రమ్ దగ్గరే. దానికి మాటల్లో మోడల్ జవాబు రాయడం నాకు కుదరలేదు, ఎవరికీ కుదరదనే అనుకుంటున్నాను. చేత్తో గీస్తూ చెప్పాల్సిందే. షీట్‌లో ఆ చోట "కాగితం అడుగు" అని రాసి వదిలాం.

ఈ షీట్‌కు ఇంకో హద్దు కూడా ఉంది. రీడింగులు పక్క బ్యాచ్ నుంచి ఎత్తుకొచ్చిన పిల్లలకు ఇది పనికిరాదు. అంకె తనది కానప్పుడు దాని మీద వచ్చే మూడో ప్రశ్నకు నిలబడలేరు. ఇంకో అబ్బాయి ఈమె షీట్ అడిగి తీసుకెళ్లాడు. అతని రికార్డులో షార్ట్ సర్క్యూట్ వోల్టేజ్ 12 కాదు, 14. షీట్‌లో 167 ఆంపియర్లు బట్టీ పట్టుకుని పోయాడు. 14 వోల్టులైతే 143 ఆంపియర్లే వస్తాయి. ఎక్స్‌టర్నల్ కాలిక్యులేటర్ తీశాడు.

అమ్మాయి వైవా విషయానికొస్తే, ఎక్స్‌టర్నల్ నేరుగా వాట్‌మీటర్ గడి మీదే వేలు పెట్టాడు. సరిచేసిన గడి చూసి "మల్టిప్లికేషన్ ఫ్యాక్టర్ 2 ఎలా వచ్చింది?" అన్నాడు, చెప్పింది. ఎల్‌వీ వైపు ఎందుకన్నాడు, చెప్పింది. తర్వాత షీట్‌లో లేని ప్రశ్న అడిగాడు.

"మీ ఊర్ల ఎండాకాలం మోటార్లు నడిచేటప్పుడు ట్రాన్స్‌ఫార్మర్లు కాలుతయి కదా, ఎందుకమ్మా?"

కాసేపు ఆగి, "లోడ్ ఎక్కువైతది సార్. కరెంట్ ఒకటిన్నర రెట్లు అయితే కాపర్ లాస్ రెండుంబావు రెట్లు అయితది, ఆ వేడి పోయే దారి ఉండదు" అంది. "మరి రాత్రి మోటార్లన్నీ బంద్ చేస్తే నష్టం ఉండదా?" అని అడిగాడు. ఐరన్ నష్టం ఇరవై నాలుగు గంటలూ ఉంటుందని చెప్పింది. అక్కడి నుంచి ఆయన ఆల్ డే ఎఫిషియెన్సీకి వెళ్లాడు. దాని నిర్వచనం దగ్గర తడబడింది. ఒక రోజంతా బయటికిచ్చిన శక్తిని లోపలికి తీసుకున్న శక్తితో భాగించాలని, కేడబ్ల్యూలో కాకుండా కేడబ్ల్యూహెచ్‌లో లెక్క అని తర్వాత నా దగ్గరకొచ్చి చెప్పింది, అప్పటికి గుర్తొచ్చిందట.

ఎక్స్‌టర్నల్ చివర అడిగిన మరో ప్రశ్న కూడా ఆమె మోసుకొచ్చింది: ఈ రెండు టెస్టులతో ట్రాన్స్‌ఫార్మర్ ఎంత వేడెక్కుతుందో తెలుస్తుందా? తెలియదు. ఒక టెస్ట్‌లో ఐరన్ నష్టమే ఉంటుంది, ఇంకోదాంట్లో కాపర్ నష్టమే. రెండూ ఒకేసారి ఉంటేనే అసలు వేడి తెలుస్తుంది, దానికి సంప్నర్స్ టెస్ట్ కావాలి, దానికి ఒకేలాంటి ట్రాన్స్‌ఫార్మర్లు రెండు కావాలి. ఆ ప్రశ్న, ఆల్ డే ఎఫిషియెన్సీ ప్రశ్న, ఎండాకాలం ప్రశ్న, మూడూ ఇప్పుడు షీట్ వెనక వైపు అడుగున చేరాయి. వచ్చే బ్యాచ్‌కు నేను ఇచ్చేది ప్రశ్నల వరస, ఖాళీ గడులు మాత్రమే. అంకెలు వాళ్లే నింపుకోవాలి.